మూడు నెలల పనికి ఒక్క పేజీ

ఏప్రిల్‌తో మొదలయ్యే ఆర్థిక సంవత్సరాన్ని సంస్థలు నాలుగు త్రైమాసికాలుగా విడదీసుకుంటాయి. ఒక్కో త్రైమాసికం మొదట్లో కొన్ని లక్ష్యాలు పెట్టుకుంటాయి. అది ముగిశాక ఏది జరిగింది, ఏది జరగలేదు, రాబోయే మూడు నెలల్లో ముందు ఏం చేయాలి అన్నది ఒకే కాగితం మీద రాసి, నిర్ణయాలు తీసుకునే పెద్దల ముందు పెడతారు. ఈ లక్ష్యాల సారాంశ పత్రాన్ని ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీలే కాదు, ఆసుపత్రులు, ఫ్యాక్టరీలు, సహకార సంఘాలు కూడా వాడుతున్నాయి. చూడ్డానికి చిన్న కాగితమే. దాన్ని నిజాయితీగా నింపడం మాత్రం నలభై పేజీల నివేదిక రాయడం కన్నా కష్టం.

పని చెప్పి వదిలేయకుండా, ముందే అంగీకరించిన లక్ష్యంతో పనిని కొలవాలనే ఆలోచనను పీటర్ డ్రకర్ 1954లో వచ్చిన తన మేనేజ్‌మెంట్ పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చాడు. దానికి పదును పెట్టినవాడు ఇంటెల్ కంపెనీ సారథి ఆండీ గ్రోవ్. లక్ష్యం ఒక మాటలో ఉండాలి, దాని కింద అది నెరవేరిందో లేదో తేల్చే ఫలితాలు అంకెల్లో ఉండాలి అన్నది అతని పద్ధతి. 1974లో ఇంటెల్‌లో చేరి ఆ పద్ధతి నేర్చుకున్న జాన్ డోర్, 1999లో అప్పటికి చిన్న కంపెనీగానే ఉన్న గూగుల్‌కు దాన్ని అందించాడు. ఓకేఆర్ అన్న పేరుతో ప్రపంచమంతా తిరుగుతున్నది ఇదే. గూగుల్‌లో ప్రతి ఫలితానికీ 0 నుంచి 1 వరకు మార్కు వేసేవారు. 0.7, ఆ పైన వస్తే పచ్చ రంగు, 0.4 నుంచి 0.6 వరకు పసుపు, అంతకు తక్కువైతే ఎరుపు. సాహసించి పెట్టుకున్న లక్ష్యానికి 0.7 వస్తే మంచి ఫలితమే. అన్నిటికీ 1 వస్తుంటే లక్ష్యాలే మరీ సులువుగా పెట్టుకున్నారని అనుమానించాలి. జీతాల చెల్లింపు, భద్రత, చట్టం విధించిన గడువులు వంటి తప్పనిసరి పనుల సంగతి వేరు. వాటికి 1 రావాల్సిందే, 0.9 వచ్చినా తప్పినట్టే. కాబట్టి ఏది తప్పనిసరో, ఏది సాహసమో పేజీలో ముందే గుర్తు పెట్టి ఉండాలి. మార్కు వచ్చాక ఆ మాట చెబితే సాకులా వినిపిస్తుంది.

ఈ పేజీ ఎలా తయారవుతుందో చూడటానికి ఒక పాల డెయిరీని ఊహించుకుందాం. ఊళ్లలో పాలు సేకరించి, శీతలీకరణ కేంద్రాల్లో చల్లబరిచి, ప్యాకెట్ పాలు, పెరుగు అమ్మే మధ్యస్థాయి సంస్థ అది. జూలై నుంచి సెప్టెంబరు వరకు దానికి మూడు లక్ష్యాలు. మొదటిది, ఊళ్ల నుంచి వచ్చేసరికి పులిసిపోయి వెనక్కి పంపాల్సి వస్తున్న పాలను 2.4 శాతం నుంచి 1 శాతానికి తగ్గించడం. రెండోది, పది రోజుల బిల్లు ముగిసిన ఏడు రోజుల్లోగా డబ్బు అందుకునే రైతుల వాటాను 55 శాతం నుంచి 95కు పెంచడం. మూడోది, పెరుగు అమ్మకాన్ని రోజుకు 8,000 కిలోల నుంచి 14,000 కిలోలకు తీసుకెళ్లడం. మూడూ సాహసించి పెట్టుకున్నవే.

సెప్టెంబరు 30 సాయంత్రానికే లెక్కలు తేలవు. సెప్టెంబరు 21 నుంచి 30 వరకు పోసిన పాల బిల్లుకు ఏడు రోజుల గడువు అక్టోబరు 7న గాని తీరదు. అందుకని అంకెలను అక్టోబరు 8న ఖరారు చేస్తారు. ఆ తర్వాత వచ్చిన సవరణలు ఏవైనా వచ్చే పేజీలోకే వెళతాయి. రెండో వారం దాటకుండా పేజీ పెద్దల ముందుకు రావాలి. త్రైమాసికమంటే పదమూడు వారాలే కనుక, నవంబరులో చేతికొచ్చే పేజీ జరిగిపోయినదాన్ని చెప్పగలదు గాని జరగబోయేదాన్ని మార్చలేదు.

అంకెలు ఇలా తేలాయి. పులిసిన పాలు 1.2 శాతానికి దిగాయి. సకాలంలో డబ్బు అందిన రైతులు 91 శాతానికి చేరారు. పెరుగు 9,800 కిలోల దగ్గర ఆగింది. ఇప్పుడు మార్కులు వేయాలి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. 14,000కు 9,800 అంటే సరిగ్గా 70 శాతం. పక్కన 0.7 అని రాసి పచ్చ రంగు పూస్తే అడిగేవాడుండడు. కాని త్రైమాసికం మొదలయ్యే రోజుకే డెయిరీ 8,000 కిలోలు అమ్ముతోంది. ఎవరూ ఏమీ చేయకపోయినా ఈ లెక్కన 0.57 వచ్చి ఉండేది. ఈ మూడు నెలల్లో పెంచుతామన్నది 6,000 కిలోలు, పెంచింది 1,800. మార్కు 0.3, రంగు ఎరుపు. ఒకే అంకె ఒక లెక్కలో పచ్చగా, మరో లెక్కలో ఎర్రగా కనిపిస్తోంది. బయలుదేరిన చోటు నుంచి కొలిచినదే నిజమైన లెక్క. పులిసిన పాల విషయంలో 1.4 తగ్గించాల్సిన చోట 1.2 తగ్గింది కనుక 0.86. చెల్లింపుల్లో 40 పెరగాల్సిన చోట 36 పెరిగింది, 0.9. అందుకే ప్రతి వరుసలోనూ మొదలైన అంకె, చేరాల్సిన అంకె, చేరిన అంకె మూడూ కనబడాలి. మొదటి అంకె దాచిన పేజీని నమ్మకూడదు.

పోల్చే కాలం కూడా చూసుకోవాలి. పాలకు ఋతువు ఉంది. వేసవిలో తగ్గిన పాలు, వానాకాలం చివర గేదెలు ఈనడం మొదలయ్యాక పెరుగుతూ చలికాలానికి పొంగుకొస్తాయి. అక్టోబరు-డిసెంబరు సేకరణను జూలై-సెప్టెంబరుతో పోల్చి పెరిగిందని చెప్పుకుంటే ఆ ఘనత గేదెలదే గాని సేకరణ విభాగానిది కాదు. నిరుటి అదే త్రైమాసికంతో పోల్చాలి. పులిసిన పాలకూ ఇదే వర్తిస్తుంది. జూలైతో పోలిస్తే సెప్టెంబరులో ఎండ తగ్గి పాలు సహజంగానే కాస్త నిలుస్తాయి. నిరుడు ఇదే మూడు నెలల్లో ఎంత పులిసిందో పక్కన చిన్న అక్షరాల్లో రాస్తే, 0.86లో మనుషుల పని ఎంత, వాతావరణం పని ఎంత అన్నది చదివేవారికి తెలుస్తుంది.

పేజీ పైన వాక్యం ఒక్కటే ఉండాలి. మిగతాది చదివే తీరిక లేని డైరెక్టరుకు కూడా విషయం అందులోనే అందాలి. ‘రెండు లక్ష్యాలు దాదాపు నెరవేరాయి, పెరుగు అమ్మకం తప్పింది, కారణం తోడు గది చాలకపోవడం, అక్టోబరు 20లోగా ఒక నిర్ణయం కావాలి’ అంటే సరిపోతుంది. ‘త్రైమాసికం ఆశాజనకంగా సాగింది’ లాంటి మాటకు అక్కడ చోటు లేదు. ఆ వాక్యం కింద నెరవేరినవి, వాటి కింద తప్పినవి, చివర ముందున్న పనులు ఉంటాయి. నెరవేరిన వాటికి పేజీలో మూడో వంతు మించకూడదు. జరిగిన మంచికి పెద్దలు చేయాల్సింది పెద్దగా ఉండదు. వాళ్ల సమయం ఖర్చు కావాల్సింది జరగనిదాని మీద.

అలాగని నెరవేరిన వరుసను తనిఖీ లేకుండా వదలకూడదు. ఒక అంకెను లక్ష్యంగా పెట్టగానే మనుషులు పనితో పాటు అంకెను కూడా సరిదిద్దడం మొదలుపెడతారు. పులిసిన పాల శాతం రెండు రకాలుగా తగ్గొచ్చు. క్యాన్లు శుభ్రంగా కడిగి, పాలు త్వరగా 4 డిగ్రీలకు చల్లబరిస్తే నిజంగానే తగ్గుతుంది. కేంద్రం దగ్గర పరీక్ష చేసేవాడు చూసీ చూడనట్టు వదిలేసినా కాగితం మీద తగ్గుతుంది. దీనికి విరుగుడు ఆండీ గ్రోవ్ చెప్పిన జంట కొలతలు. ఒక కొలత పక్కన, దాన్ని మోసంతో సాధిస్తే చెడిపోయే మరో కొలతను పెట్టాలి. ఇక్కడ ఆ రెండోది ప్లాంటు గేటు దగ్గర చేసే మిథిలీన్ బ్లూ పరీక్ష. పాలలో నీలి రంగు వేసి, అది ఎంతసేపటికి విరుగుతుందో చూస్తారు. సూక్ష్మజీవులు ఎక్కువగా ఉన్న పాలలో రంగు త్వరగా పోతుంది. వెనక్కి పంపే పాలు తగ్గి, రంగు నిలిచే సమయం కూడా పెరిగితే ఆ 0.86 నిజమైన మార్కు. సమయం పెరగకపోతే కేంద్రాలకు ఎవరో ఒకరు వెళ్లి చూడాలి.

ఇక తప్పిన లక్ష్యం. ఈ భాగంలో మామూలుగా కనబడే రాతలు అందరికీ తెలిసినవే. ‘మార్కెట్ పరిస్థితులు అనుకూలించలేదు’, ‘పనులు పురోగతిలో ఉన్నాయి’, ‘విభాగాల మధ్య సమన్వయం మెరుగుపరుస్తాం’. వీటిలో ఒక్కటీ అబద్ధమని తేల్చడానికి వీలుండదు. అదే వాటిలోని లోపం. తప్పిన లక్ష్యం గురించి రాసే నాలుగు వాక్యాల్లో ఎంత తప్పింది, ఎందుకు తప్పింది, ఎప్పుడు తెలిసింది, ఇప్పుడు ఎవరేం చేయాలి అన్నవి ఉండాలి.

మన డెయిరీలో కారణం వెతుకుతూ పోతే కథ ఇలా బయటపడింది. తోడు వేసిన పాలను కప్పుల్లో నింపాక, అవి గడ్డకట్టేదాకా 42, 43 డిగ్రీల వేడిలో ఉంచే గది ఒకటుంటుంది. ఆ గదిలో రోజుకు 10,000 కిలోలకు మించి పట్టవు. రెండో గది కట్టారు గాని కరెంటు అదనపు లోడు మంజూరు కాలేదు. జూలై 1కి గది నడవాలని ప్రణాళికలో ఉండగా, అదనపు లోడుకు దరఖాస్తు పెట్టింది ఆగస్టు 14న. ప్రొడక్షన్ వాళ్లు ఇంజనీరింగ్ వాళ్లు పెడతారనుకున్నారు, ఇంజనీరింగ్ వాళ్లు ప్రొడక్షన్ నుంచి కాగితం రావాలని ఎదురుచూశారు. అందువల్ల ‘విద్యుత్ శాఖ జాప్యం’ అని రాయడం న్యాయం కాదు. ఆరు వారాలు డెయిరీ లోపలే పోయాయి. లోపలి కారణాన్ని, బయటి కారణాన్ని విడిగా రాయాలి. మొదటిదాన్ని సరిదిద్దుకోవచ్చు, రెండోదాన్ని ముందే లెక్కలో వేసుకోవచ్చు. రెండూ ఒకే వాక్యంలో కలిసిపోతే ఏదీ చేయలేం. పేజీలో మనిషి పేరు మాత్రం రాయకూడదు. బాధ్యత ఏ విభాగానిదో తెలిస్తే చాలు. వేలెత్తి చూపే పేజీకి వచ్చే త్రైమాసికంలో నిజాలు అందవు.

గది చాలకపోవడం ఒక్కటే కారణమా అన్నది కూడా అడగాలి. ఏజెంట్లు రోజూ రాసిచ్చే ఇండెంట్లు దానికి సాక్ష్యం. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఇండెంటు సగటు 11,500 కిలోలు, సరఫరా 9,800. అంటే గది సిద్ధంగా ఉన్నా 11,500 మించేది కాదు, మార్కు 0.58 దగ్గర ఆగేది. మిగిలిన 2,500 కిలోలకు గదితో సంబంధం లేదు. అంత గిరాకీ ఇంకా పుట్టనే లేదు. (సరుకు తక్కువ వస్తున్నప్పుడు ఏజెంట్లు కావాలనే ఇండెంటు పెంచి రాస్తారు కాబట్టి 11,500 కూడా కాస్త ఉబ్బిన అంకే కావచ్చు.) ఈ విడదీత లేకుంటే యాజమాన్యం గది మీద డబ్బు పెట్టి, అమ్మకం అప్పుడూ ఎందుకు పెరగలేదని జనవరిలో ఆశ్చర్యపోతుంది. ఇంత తవ్వాక పేజీలోకి ఎక్కేది ఇంతే:

‘పెరుగు అమ్మకం: 8,000 నుంచి 14,000కు చేరాలి, 9,800కు చేరింది. మార్కు 0.3. తోడు గది సామర్థ్యం 10,000 కిలోలు, రెండో గదికి కరెంటు లోడు రాలేదు, దరఖాస్తు ఆరు వారాలు ఆలస్యంగా పెట్టాం. గది ఉన్నా ఇండెంటు 11,500 వరకే ఉంది. అమ్మకం పెరగడం ఆగిందని ఆగస్టు మొదటి వారానికే తెలిసింది, పైకి చెప్పింది సెప్టెంబరులో.’

చివరి వాక్యం రాయడానికే అందరూ వెనకాడతారు. పేజీలో విలువైనది కూడా అదే. లక్ష్యం తప్పడం కన్నా, తప్పుతోందని తెలిసి నెల రోజులు లోపలే దాచుకోవడం పెద్ద సమస్య. పై పచ్చదనం చూసి లోపలి ఎరుపు తెలియని ఇలాంటి లక్ష్యాలకు ఆఫీసుల్లో ‘పుచ్చకాయ’ అన్న పేరు కూడా ఉంది. దాన్ని కనిపెట్టడం కష్టమేమీ కాదు. పదకొండో వారం దాకా పచ్చగా ఉండి, పన్నెండో వారంలో పసుపు తాకకుండా ఒక్కసారిగా ఎర్రబడిన వరుస ఏదైనా పుచ్చకాయే. నిజంగా కొలుస్తున్న పని మెల్లగా రంగు మారుతుంది.

ఎరుపు చూపినవారికి ఏం జరుగుతుందన్నదాని మీదే వచ్చే పేజీ ఎంత నిజం చెబుతుందన్నది ఆధారపడుతుంది. ఫోర్డ్ కార్ల కంపెనీ ఉదాహరణ ఇక్కడ బాగా సరిపోతుంది. 2006 సెప్టెంబరులో అలన్ ములాలీ ఆ కంపెనీ పగ్గాలు చేపట్టి, ప్రతి గురువారం అధికారులంతా తమ పనులను పచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో చూపాలన్నాడు. మొదట్లో వచ్చిన పత్రాలన్నీ పచ్చగానే ఉండేవి. కంపెనీ మాత్రం వందల కోట్ల డాలర్ల నష్టంలోకి జారుతోంది. ఆ ఏడాది నష్టం 1,200 కోట్ల డాలర్లు దాటింది. ఇంత నష్టపోతూ అంతా బాగుందంటే ఎలా అని ములాలీ అడిగాడు. తర్వాత ఒక సమావేశంలో మార్క్ ఫీల్డ్స్ అనే అధికారి, ఎడ్జ్ అనే కొత్త కారు విడుదలలో వచ్చిన సమస్యను ఎరుపులో చూపించాడు. అతని ఉద్యోగం పోయినట్టేనని గదిలో ఉన్నవారు అనుకున్నారు. ములాలీ చప్పట్లు కొట్టి, ఎవరు సాయం చేయగలరని అడిగాడు. ఆ తర్వాత వారాల్లో మిగతావాళ్ల పత్రాల్లోనూ ఎరుపు, పసుపు కనబడసాగాయి. ఆ మార్క్ ఫీల్డ్సే 2014లో ములాలీ తర్వాత ఫోర్డ్ సారథి అయ్యాడు. లక్ష్యాల మార్కును జీతం పెంపుతో, బోనస్‌తో నేరుగా ముడిపెట్టవద్దని డోర్ చెప్పడానికి కారణం కూడా ఇదే. ముడిపెట్టిన మరుసటి త్రైమాసికంలో మార్కు పెరగదు, లక్ష్యాలు కిందికి దిగుతాయి.

ముందున్న పనుల భాగంలో తప్పిన లక్ష్యాన్ని యథాతథంగా ఎత్తి రాయడం సోమరితనం. 14,000 కిలోల పెరుగును అక్టోబరు-డిసెంబరుకు మార్చడంలో అర్థం లేదు. చలి పెరిగేకొద్దీ పెరుగు గిరాకీ తగ్గుతుంది. అదే కాలంలో పాలు పొంగుకొస్తాయి. కాబట్టి ఆ మూడు నెలలకు మొదటి పని పెరుగు కాదు, పెరిగే పాలను పులియకుండా చల్లబరచడం, మిగిలినదాన్ని వెన్నగా, పాల పొడిగా మార్చుకోవడం. రెండోది, పాలు పెరిగినా రైతుల చెల్లింపు 91 శాతం కిందికి దిగకుండా చూడటం. పెరుగు విషయంలో ఈ త్రైమాసికానికి అమ్మకపు లక్ష్యం ఉండదు, రెండో గది జనవరి 31కి నడవాలన్న గడువు మాత్రమే ఉంటుంది. ఎండలు ముదిరే ఏప్రిల్-జూన్‌కు 14,000 లక్ష్యం తిరిగి వస్తుంది. ఈ మూడింటి కింద, చేయబోమని తేల్చుకున్నది కూడా ఒక వరుస రాయాలి. పన్నీరు తయారీ ఈసారి మొదలుపెట్టడం లేదు అన్నది అలాంటిది. అది రాయకపోతే ఎవరో ఒకరు నవంబరులో మొదలుపెట్టేస్తారు.

పేజీ అడుగున పెద్దల నుంచి కావలసిన నిర్ణయం ఉండాలి. ‘సహకారం కోరుతున్నాం’ అంటే అది కోరిక కాదు. గది జనవరి 31కి సిద్ధం కాకపోతే, ఫిబ్రవరి, మార్చి నెలల్లో రోజుకు 4,000 కిలోల పెరుగును మరో డెయిరీలో కిరాయికి చేయించుకోవాలి, కిలోకు 2 రూపాయలు అదనం, 59 రోజులకు సుమారు 4.7 లక్షల రూపాయలు, అక్టోబరు 20లోగా అవునో కాదో చెప్పాలి. ఇలా రాస్తే చదివినవారు సంతకం పెట్టాలి, లేదా వద్దనాలి. గిరాకీ 11,500 దగ్గరే ఉందని పైన చదివినవారు, 4,000 ఎందుకు, ముందు 2,000తో మొదలుపెట్టండి అనవచ్చు. పేజీ సరిగ్గా పనిచేసిందనడానికి అలాంటి ప్రశ్నే రుజువు.

ఒకే పేజీ అన్న నియమాన్ని అక్షరాల సైజు తగ్గించి తప్పించుకునేవారుంటారు. మామూలు ఏ4 కాగితం మీద, చదవగలిగే అక్షరాల్లో, 350 మాటల దగ్గర ఆగాలి. లక్ష్యాలు ఐదు మించితే ఆ చోటు చాలదు. అలాంటప్పుడు చోటు కాదు, లక్ష్యాలే ఎక్కువైనట్టు. విభాగాల వివరాలు, నెలవారీ పట్టికలు అడిగినవారికి ఇచ్చేలా విడిగా ఉంటాయి, పేజీకి తోకలా అంటుకోవు.

ఈ కాగితానికి అందని పనులు కూడా ఉన్నాయి. మేలుజాతి కోసం గేదెకు కృత్రిమ గర్భధారణ చేయిస్తే ఈనడానికే దాదాపు పది నెలలు. ఆ దూడ పెరిగి పాలిచ్చేసరికి మూడేళ్లు దాటుతాయి. దాన్ని మూడు నెలల పాల లెక్కతో కొలిస్తే ప్రతిసారీ ఎరుపే వస్తుంది, నాలుగో ఎరుపుకు ఎవరో ఒకరు పథకాన్నే ఆపేస్తారు. ఇలాంటి పనులకు పాల దిగుబడిని కాక, ఆ త్రైమాసికంలో జరగాల్సిన మెట్టును లక్ష్యంగా రాస్తారు. ఎన్ని గేదెలకు సూది వేశారు, వాటిలో ఎన్ని చూలు కట్టాయి అన్నంతవరకే.

జనవరిలో తర్వాతి సమావేశం కొత్త పేజీతో మొదలవకూడదు. అక్టోబరు పేజీ అడుగున అడిగిన నిర్ణయాన్ని ముందు చదువుతారు. అనుమతి వచ్చిందా, వస్తే ఏ తేదీన, కిరాయి ఒప్పందం ఎంతవరకు వచ్చింది, కరెంటు లోడు మంజూరైందా అన్నవి తేలాకే కొత్త అంకెలకు వెళతారు. యాజమాన్యం అక్టోబరు 20 దాటాక నవంబరు 12న జవాబిచ్చి ఉంటే, ఆ ఆలస్యం కూడా లోపలి కారణాల కిందే కొత్త పేజీలో ఒక వరుసగా వస్తుంది.